మీ జాబితాలో లేని సంస్థలు

చివరి సంవత్సరం విద్యార్థులందరికీ నమస్కారం.

ఏయే సంస్థలకు దరఖాస్తు చేయాలనుకుంటున్నారో రాసి ఇమ్మని గత వారం మిమ్మల్ని అడిగాను. మీరిచ్చిన కాగితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఇంతమంది రాసినా వేర్వేరు పేర్లు ఇరవై దాటలేదు. అవన్నీ మంచి సంస్థలే, వాటిని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే మీరంతా ఒకే గుమ్మం ముందు నిలబడబోతున్నారని, మిగతా కళాశాలల వాళ్లూ అక్కడికే వస్తారని తలచుకున్నప్పుడు నాకు మీ గురించి బెంగ కలిగింది.

ఆ పేర్లు మీకెలా తెలిశాయి? అవి మీకు ఏదో ఒకటి అమ్ముతాయి కాబట్టి తెలిశాయి. ఇతర సంస్థలకు మాత్రమే అమ్మే సంస్థలు మీకోసం ప్రకటనలు ఇవ్వవు. ఫోన్ మీద ముద్రించిన పేరు అందరికీ తెలుసు. కానీ అత్యాధునిక చిప్‌ల మీద అతి సన్నని గీతలను అతినీలలోహిత కాంతితో ముద్రించే ఈయూవీ యంత్రాలను తయారుచేసే నెదర్లాండ్స్ సంస్థ ఏఎస్ఎంఎల్ గానీ, వాటికి అద్దాలు అందించే జర్మనీ సంస్థ జైస్ గానీ మీ కాగితాల్లో ఒక్కదానిలోనూ కనిపించలేదు. ఇవైనా పెద్ద సంస్థలే. ప్రజలకు పేరు తెలియకుండానే తమ రంగంలో ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచిన మధ్యతరహా సంస్థలు ఎన్నో ఉన్నాయి. వాటిని 1990లో జర్మన్ ఆచార్యుడు హెర్మన్ సైమన్ ‘హిడెన్ ఛాంపియన్స్’ అన్నారు.

వెతకడం కష్టం కాదు. మీకు ఇష్టమైన ఒక వస్తువును తీసుకుని, దాని భాగాలను, వాటిని పరీక్షించే పరికరాలను, లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఎవరు అందిస్తున్నారో ఒక్కొక్క మెట్టు వెనక్కి వెళ్లి చూడండి. మీ రంగానికి చెందిన పారిశ్రామిక ప్రదర్శనల్లో స్టాళ్లు పెట్టే సంస్థల జాబితా చదవండి. నా దృష్టిలో అంతకంటే మంచి ఆధారం లేదు, ఎందుకంటే అక్కడికి వచ్చేది నిజంగా ఆ పని చేసేవాళ్లే.

చిన్న సంస్థ అయినంత మాత్రాన మంచిదని నేను అనడం లేదు. జీతాలు సమయానికి ఇస్తున్నారా, ఖాతాదారులు ఎవరు, బాండ్ షరతులేమిటి అన్నవి అక్కడ పనిచేసి వచ్చినవాళ్లను అడిగి తెలుసుకోండి. ఉద్యోగం ఇస్తామని డబ్బు అడిగితే వెంటనే తిరిగి వచ్చేయండి. ఇంటర్వ్యూలో మాత్రం, ఈ స్థానంలో చేరినవారు మొదటి ఆరు నెలల్లో ఏ పని చేశారని తప్పకుండా అడగండి. మీరు నేర్చుకోబోయేది ఎంతో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

వచ్చే సోమవారానికి, మీ పాత జాబితాలో లేని 5 సంస్థల పేర్లు, వాటిలో మీరు చేయగల పని ఏమిటో రాసుకుని నా గదికి రండి. ఒక్కొక్కరితో కూర్చుని, ఆ పనికి తగినట్టు రెజ్యూమెను మనం కలిసి తిరగరాద్దాం.