బీమ్ డయాగ్రామ్ గురించి

సుధీర్,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ ఫోన్ నీడ సరిగ్గా బి సపోర్ట్ మీదే పడింది, అసలు కథంతా అక్కడే ఉంది మరి!

ఏ, బి స్తంభాల మధ్య 6 మీటర్లు. బి దాటి బాల్కనీ వైపు 2 మీటర్లు బయటికి. బరువు మీటరుకు 20 కిలోన్యూటన్లు, మొత్తం పొడవునా. మన ఆఫీసులో బెండింగ్ మూమెంట్ గీతను టెన్షన్ ఉన్న వైపే గీస్తాం. కాబట్టి గీత కిందికి పోతే బీమ్ అడుగున లాగుడు, పైకి పోతే పైభాగాన.

కింది గరిష్ఠం 71.1 కిలోన్యూటన్-మీటర్లు. అది స్పాన్ నడిమధ్యన లేదు, ఏ నుంచి 2.67 మీటర్ల దగ్గరుంది. షియర్ సున్నా అయ్యేది అక్కడే. బాల్కనీ బరువు బీమ్‌ను బి దగ్గర పైకి వంచుతుంది కదా, అందుకే ఏ వైపు జరిగింది. బి మీద పైకి 40, అంటే wL²/2, L ఇక్కడ 2.

గీత సున్నాను దాటేది బి కి 0.67 మీటర్ల ఇవతల. పైకడ్డీలను అక్కడే ఆపేయకు. ఎఫెక్టివ్ డెప్త్ 400 మిల్లీమీటర్లు కాబట్టి, వాటిలో కనీసం మూడోవంతు ఇంకో 400 లోపలికి పోవాలి. అంటే బి నుంచి 1.07 మీటర్లు. అయినా ఇది ఒక్క లోడ్ కేసే. జనం బాల్కనీలోనే నిలబడితే ఆ సున్నా ఇంకా లోపలికి జరుగుతుంది. ఆ కేసు కూడా వేసి చూశాకే పొడవు ఖాయం చెయ్యి.

నా మొదటి సైట్‌లో బాల్కనీ కడ్డీలు అడుగున కట్టేశారు. కాంక్రీటుకు ముందురోజు మేస్త్రీ చూసి ఆపాడు, నేను కాదు.

సోమవారం ఆ రెండో డయాగ్రామ్ పట్టుకురా. ఈసారి నీడ లేకుండా.

శ్రీనివాసరావు