బాధ్యత అప్పగిస్తూ తోటి విద్యార్థులకు నాలుగు మాటలు

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, విద్యార్థి మండలికి సలహాదారుగా ఉండి మమ్మల్ని నడిపించిన మేడమ్ గారికి, అధ్యాపకులందరికీ, కార్యాలయ సిబ్బందికి నమస్కారం. నాతోపాటు ఈ ఏడాది కళాశాల విడిచి వెళుతున్న మిత్రులకు, ఇక్కడే ఉండబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా అభివందనాలు.

విద్యార్థి మండలి అధ్యక్షురాలిగా నా పదవీకాలం ఈరోజుతో ముగుస్తోంది. రెండో సంవత్సరం బీఎస్సీ చదువుతున్న తమ్ముడికి ఈ బాధ్యత అప్పగించే ముందు, అసలు ఈ పదవిలో ఏముంది, ఏం లేదు అనేది మీ అందరి ఎదుట చెప్పడం అవసరమని అనుకుంటున్నాను. ఎందుకంటే నన్ను ఎన్నుకున్న రోజున ఆ సంగతి నాకూ తెలియదు, ఓటు వేసిన తరగతి ప్రతినిధుల్లో చాలామందికీ తెలియదు. శ్రీకాళహస్తిలో మా వీధివాళ్లకైతే నేను ఏదో పెద్ద ఎన్నికల్లో గెలిచినట్టే అనిపించింది. ఒక పెద్దాయన వచ్చి అభినందించి, పనిలో పనిగా మా వీధి మురుగుకాలువ సంగతి కూడా చూడమ్మా అని చెప్పి వెళ్లారు.

మన గంగమ్మ జాతరలో తోటి వేషం వచ్చిన మరునాడు దొర వేషం వస్తుంది. ఈ పదవిలో మాత్రం తోటి వేషం తరువాత మళ్లీ తోటి వేషమే వస్తుందని, దొర వేషం వంతు ఎప్పటికీ రాదని కొత్త మండలి ముందుగానే తెలుసుకోవడం మంచిది. ఒక్క రూపాయి ఖర్చు పెట్టాలన్నా ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి. ఒక్క తరగతి వేళ మార్చాలన్నా విభాగాధిపతి అంగీకారం కావాలి. మనకు ఉన్నదల్లా అడిగే హక్కు, అడిగినదానికి జవాబు వచ్చేదాకా వెంటపడే ఓపిక. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఈ ఏడాది మనం సాధించిన ప్రతి పనీ ఆ ఓపికతోనే జరిగింది.

బ్రహ్మోత్సవాల సమయంలో జరిగినది మీకు గుర్తుండే ఉంటుంది. గరుడసేవ రోజునే ఒక ఇంటర్నల్ పరీక్ష పడింది. ఆ రోజు తిరుపతి రోడ్లు ఎలా ఉంటాయో, కొండకు వెళ్లే జనం ఎంతగా ఉంటారో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనవసరం లేదు. నగరంలోనే ఉండేవాళ్లు నడిచైనా చేరుకుంటారు. పుత్తూరు నుంచి, పాకాల నుంచి, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు నుంచి రోజూ వచ్చిపోయే మన మిత్రుల పరిస్థితి వేరు. మొదట మేము ఇచ్చిన అర్జీలో ‘విద్యార్థులకు ఇబ్బందిగా ఉంది’ అని మాత్రమే రాశాం. ప్రతి పరీక్షకూ ఎవరో ఒకరికి ఇబ్బంది ఉంటూనే ఉంటుందని పరీక్షల విభాగం వారు చెప్పిన జవాబులో న్యాయం ఉంది. అప్పుడు తరగతి ప్రతినిధులు కూర్చుని, ఏ మార్గం నుంచి ఎవరెవరు వస్తున్నారో, ఏ బస్సు లేదా రైలు పట్టుకుంటున్నారో తరగతులవారీగా జాబితా తయారుచేశారు. సెమిస్టర్ పరీక్ష తేదీని విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది కాబట్టి దాన్ని కదిలించలేం కానీ, ఇంటర్నల్ తేదీ కళాశాల చేతిలోనే ఉంటుందన్న మాట కూడా రెండో అర్జీలో చేర్చాం. ఆ జాబితా చూశాక పరీక్ష తరువాతి వారానికి మారింది. జాబితా తయారుచేసిన ప్రతినిధుల పేర్లు ఎవరూ నోటీసు బోర్డులో చూడలేదు. వేదిక ఎక్కినది నేను కాబట్టి చప్పట్లు నాకు వచ్చాయి. ఆ చప్పట్లు వారివి.

నా పదవీకాలంలో ఎక్కువ శ్రమ పడ్డది ఇంటర్న్‌షిప్‌ల విషయంలో. మన డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుతో మొదలుపెట్టి, చివరి ఏడాదిలో ఒక పూర్తి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ దాకా బయట చేయవలసిన పని చాలానే ఉంది. కొందరు శ్రీసిటీలోని పరిశ్రమలకు వెళ్లారు, కొందరు రేణిగుంట వైపు, మరికొందరు ఇంటి దగ్గరే ఏదో కార్యాలయంలో చేరారు. లాగ్‌బుక్‌లో సంస్థవారి సంతకం ఒకచోట, మెంటర్ సంతకం ఒకచోట, నివేదిక ఇంకొకచోట కావడంతో, తడ దగ్గర పనిచేస్తున్న అమ్మాయి ఒక్క సంతకం కోసం సెలవు పెట్టి తిరుపతికి రావలసి వచ్చేది. మండలి అడిగిన మీదట వాణిజ్య, కంప్యూటర్ సైన్స్ విభాగాల అధ్యాపకులు రెండో శనివారాల్లో ఒక పూట ఇందుకోసమే కేటాయించారు. సెలవు రోజున వచ్చి కూర్చున్న ఆ అధ్యాపకులకు చివరి సంవత్సరం విద్యార్థులందరి తరఫున మనఃపూర్వకంగా కృతజ్ఞతలు చెబుతున్నాను. మిగతా విభాగాల్లో ఈ ఏర్పాటు ఇంకా రాలేదు.

ఇదే ఇంటర్న్‌షిప్‌ల వల్ల మండలికీ ఒక చిక్కు వచ్చింది. సభ్యుల్లో చివరి సంవత్సరం వాళ్లు ఒక్కసారిగా బయటకు వెళ్లిపోవడంతో సమావేశానికి కోరం ఉండేది కాదు. వాట్సాప్ గ్రూపులో చర్చిస్తే సరిపోతుందని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. గ్రూపులో బొటనవేలు చూపించిన వ్యక్తి రేపు ఆఫీసు గది ముందు మన పక్కన నిలబడతాడన్న నమ్మకం లేదు. కొత్త మండలిలో రెండో సంవత్సరం వారే ఎక్కువమంది ఉండేలా సలహాదారు మేడమ్ గారు ఒప్పుకున్నారు కాబట్టి ఈ చిక్కు కొంత తీరుతుందని ఆశిస్తున్నాను.

తాగునీటి యంత్రం బాగుచేయించడం, పరీక్షల ముందు గ్రంథాలయం సాయంత్రం మరికొంతసేపు తెరిచి ఉంచడం, క్రీడా సామగ్రి, ఫ్రెషర్స్ డే వంటివి మీకు తెలిసినవే కనుక వాటి గురించి మళ్లీ చెప్పను.

ఇక తమ్ముడితో నేరుగా కొన్ని మాటలు. నీకు అందజేస్తున్న రిజిస్టరులో పూర్తికాని పనులు ఉన్నాయి. మొదటిది, గ్రంథాలయం మెట్ల పక్కన ర్యాంపు. చక్రాల కుర్చీలో వచ్చే మన స్నేహితుడు పుస్తకం కావాలంటే ఇప్పటికీ మరొకరిని పైకి పంపవలసి వస్తోంది. అంచనా వేయించారు, పని మొదలుకాలేదు. మిగతావన్నీ పక్కన పెట్టినా దీన్ని పక్కన పెట్టవద్దు. రెండోది, అమ్మాయిల విశ్రాంతి గది. గది ఉంది, కానీ పాత బల్లలు, కుర్చీలు అందులో వేసి ఉంచడం వల్ల లోపల నిలబడే చోటు లేదు. మూడోది, లాగ్‌బుక్ సంతకాల ఏర్పాటును మిగతా విభాగాలకు తీసుకువెళ్లడం.

ఏది అడిగినా కాగితం మీద అడుగు, తేదీ వేయించుకో, ఒక ప్రతి నీ దగ్గర ఉంచుకో. నోటితో చెప్పినదానికి ‘రేపు రా నాయనా’ అన్న సమాధానమే వస్తుంది, ఆ రేపు మరో రేపటికి వాయిదా పడుతుంది. ఇందులో కార్యాలయంవారి తప్పు పెద్దగా లేదు. రోజూ వందమంది నిలబడే కిటికీ దగ్గర ఎవరి మాటని గుర్తు పెట్టుకోగలరు? యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో తన నివేదిక ఇవ్వాలి. తేదీ లేని అర్జీకి ఆ గడువు ఎక్కడినుంచి లెక్కపెడతారో ఆలోచించు. ఆ కమిటీలో ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చుంటాడు. అలాగే నాణ్యతను చూసే ఐక్యూఏసీలోనూ విద్యార్థికి చోటు ఉంది. ఆ కుర్చీలు ఖాళీగా ఉండనివ్వకు. సమావేశానికి పిలుపు రాలేదనుకో, ఎప్పుడు జరుగుతుందో నువ్వే వెళ్లి అడుగు.

ర్యాగింగ్ విషయంలో మాత్రం అర్జీలు, సమావేశాలు అంటూ ఆలస్యం చేయవద్దు. మొదటి సంవత్సరం పిల్లలు ఎవరైనా నీ దగ్గరకు వచ్చి భయపడుతూ చెబితే అదే గంటలో మేడమ్ గారి దగ్గరకు తీసుకువెళ్లు. 1800-180-5522 అనే జాతీయ హెల్ప్‌లైన్ నంబరును హాస్టల్ గోడలమీద కొత్తగా రాయించాలి, పాతది వెలిసిపోయింది.

మరొక మాట. అధ్యక్షుడివి అయ్యావని తెలియగానే ఫ్లెక్సీలమీద నీ ఫోటో వేస్తామని కొందరు వస్తారు. నా దగ్గరకూ వచ్చారు. సంఘాల్లో ఉండటం, రాజకీయ అభిప్రాయాలు ఉండటం తప్పేమీ కాదు, అవి నీ సొంతం. కానీ మండలి ముద్ర ఉన్న కాగితం, మండలి పేరు కళాశాలలోని అన్ని అభిప్రాయాలవారివీ కనుక, ఆ పేరుతో ఎవరి ఫ్లెక్సీ మీదా కనిపించకపోతే నీకు ఏడాది చివరిదాకా అందరి తలుపులూ తెరిచి ఉంటాయి. విద్యార్థి ఎన్నికల గురించి లింగ్డో కమిటీ 2006లో ఇచ్చిన సిఫారసుల్లో, ఆఫీస్ బేరర్ పదవికి ఒక విద్యార్థి ఒక్కసారే పోటీ చేయాలన్న నియమం నాకు చాలా నచ్చుతుంది. మళ్లీ గెలవాలన్న ఆలోచన లేనివాడు ఎవరినీ మెప్పించనవసరం లేకుండా అడగవలసినది అడగగలడు.

నా చివరి సంవత్సరం మిత్రులకు చెప్పవలసింది కొద్దిగానే ఉంది. మీలో కొందరు పీజీ ప్రవేశ పరీక్షలకు, కొందరు బీఈడీకి, కొందరు గ్రూప్స్ కోచింగుకు, కొందరు నేరుగా ఉద్యోగాలకు వెళుతున్నారు. వెళ్లేలోపు గ్రంథాలయం పుస్తకాలు తిరిగి ఇచ్చి నో డ్యూస్ పత్రం తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావలసినవారు బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. టీసీ కోసం జూన్ చివరిదాకా ఆగి అందరితోపాటు వరుసలో నిలబడవద్దు. వీడ్కోలు సభలో ఇవేం మాటలని మీరు నవ్వుతున్నారు. ఏడాదంతా మీ దగ్గర ఇవే మాట్లాడాను, చివరి రోజున కవిత్వం చదివితే మీరే నమ్మరు.

నాతో గొడవపడిన వారున్నారు. సాంస్కృతిక ఉత్సవాల ఖర్చు తగ్గించి ఆ డబ్బు క్రీడలకు ఇవ్వాలన్నప్పుడు నృత్య బృందం నన్ను వారం రోజులు పలకరించలేదు. అయినా ఉత్సవం రోజున వారు అంత తక్కువ ఖర్చులోనే చేసిన ప్రదర్శన ఈ సభామందిరంలో అందరూ నిలబడి చూశారు. వారికి, సభల రోజున అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేసి, అందరూ వెళ్లాక తీసిన అటెండర్ అన్నలకు, పగటిపూట మండలి పనులకు తిరుగుతూ తరగతులు పోగొట్టుకున్న రోజుల్లో నాకు నోట్సు రాసి ఇచ్చిన నా బెంచీ స్నేహితురాళ్లకు నేను రుణపడి ఉన్నాను. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోమని ప్రతి వారం గుర్తుచేసినది కూడా వారే.

తమ్ముడూ, వేదిక మీదకు రా. ఇది ఫిర్యాదుల రిజిస్టరు. ఎర్ర సిరాతో గీత గీసినవి ఇంకా తేలనివి. ఇది మండలి ముద్ర, ఇది గది తాళం చెవి. తాళం కాస్త బిగువు, కొద్దిగా నూనె వేయించు. సోమవారం ఉదయం పదకొండింటికి ర్యాంపు విషయమై ప్రిన్సిపాల్ గారు సమయం ఇచ్చారు. ఆ ఒక్క సమావేశానికి నేనూ వస్తాను, కానీ వెనుక కుర్చీలో కూర్చుంటాను. మాట్లాడవలసింది నువ్వు.