402 నుంచి అందరికీ నమస్కారం, మేం కొత్తగా వచ్చాం

అందరికీ నమస్కారమండీ. నేను మాధవి, నాలుగో అంతస్తులో 402. మొన్న శనివారమే దిగాం. గ్రూపులో చేర్చినందుకు సెక్రటరీగారికి థాంక్స్. మా ఇంట్లో నలుగురం. నేను, మావారు, ఏడో తరగతి చదివే మా పాప, మా మామగారు. రెండు ముక్కల్లో పరిచయం చేసుకుందామనే మొదలుపెట్టాను గానీ, మామగారి గురించి మీ అందరికీ ఒకటి చెప్పాల్సి ఉంది. అందుకే మెసేజ్ కాస్త పెద్దదయింది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందుగా శనివారం సంగతి. మా సామాన్ల వల్ల పొద్దున దాదాపు రెండు గంటలు లిఫ్ట్ మా చేతిలోనే ఉండిపోయింది. సంచులు పట్టుకుని మెట్లెక్కిన వాళ్లని చూశాను, ఒక్కరు కూడా విసుక్కోలేదు. సారీ అండీ. బీరువా లిఫ్ట్‌లో పట్టక మెట్ల మలుపులో ఇరుక్కుపోతే, ఎవరూ పిలవకుండానే వచ్చి రెండో వైపు పట్టుకున్న 203 అన్నగారికి ఆ హడావుడిలో సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక మామగారి విషయం. ఆయన 34 ఏళ్లు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేశారు. రెండేళ్ల క్రితం అల్జీమర్స్ అని డాక్టరుగారు తేల్చారు. మనిషి ఆరోగ్యంగానే ఉంటారు, చక్కగా నడుస్తారు, మాట మర్యాద ఏమీ తగ్గలేదు. చూడగానే ఎవరికీ ఏమీ తెలియదు, చిక్కంతా అక్కడే వస్తోంది.

మంగళవారం సాయంత్రం ఆయన కింద నడిచి వస్తూ లిఫ్ట్‌లో మూడో అంతస్తులో దిగిపోయారు. 302 తలుపు ముందు నిలబడి మా తాళంచెవి పెట్టి తిప్పుతున్నారు. లోపల 302 అక్క ఒక్కరే ఉన్నారట. ఎవరో తాళం తీస్తున్న చప్పుడు వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది కదా. అయినా ఆవిడ తలుపు కొంచెం తీసి చూసి, పెద్దాయన అని గమనించి, గద్దించకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టి, వాచ్‌మన్‌ని అడిగి నాకు కబురు పెట్టారు. నేను దిగి వెళ్లేసరికి మామగారు తాళంచెవి పిడికిట్లో బిగించి పట్టుకుని, "అమ్మాయ్, మన తాళం పాడైపోయింది, మార్పించాలి" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కా, ఆ రోజు మీరు చేసింది నాకు చాలా పెద్ద సాయం. మళ్లీ ఇంకో తలుపు దగ్గర ఇదే జరిగితే ఆ ఇంట్లో వాళ్లకి ముందే తెలిసి ఉండాలని, ఆ రాత్రే ఈ మెసేజ్ రాయాలనుకున్నాను.

ఆయనతో చెప్పకుండా రాయలేదండీ. ఈ పొద్దున, మనసు తేటగా ఉన్న వేళ చూసి అడిగాను. "చెప్పమ్మా, తెలిస్తేనే కదా దారి చూపిస్తారు" అన్నారు. ఇదంతా ఈ గ్రూపులోనే ఉంచండి, బయట ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఆయన తికమకపడుతున్నప్పుడు ఫోటోలు, వీడియోలు కూడా తీయొద్దు.

ఈ జబ్బు గురించి నాకు అనుభవంలో తెలిసింది కొంచెం చెబుతాను. అప్పుడే జరిగింది ముందు పోతుంది, పాతవి చాలాకాలం నిలుస్తాయి. ముప్పై ఏళ్ల కిందటి క్లాసులో ఏ పిల్లాడు ఏ బెంచీలో కూర్చునేవాడో మామగారు చెప్పగలరు, గంట క్రితం మీతో మాట్లాడిన మాట మాత్రం గుర్తుండదు. కొత్త దారులు మనసులో నిలవవు. పాత ఇంట్లో 19 ఏళ్లున్నాం, అక్కడ ఎన్ని అడుగులు వేస్తే గుమ్మం వస్తుందో ఆయన కాళ్లకే తెలుసు. ఇక్కడ ఐదు అంతస్తులూ ఒకేలా ఉన్నాయి, అదే రంగు గోడ, అవే తలుపులు, లిఫ్ట్‌లోంచి బయటికొచ్చాక మూడో అంతస్తో నాలుగో అంతస్తో మా పాప కూడా ఒక్క క్షణం ఆగి చూసుకుంటోంది. పొద్దు వాలే వేళకి ఆయనకి తికమక ఎక్కువవుతుంది, ఈ జబ్బు ఉన్న చాలామందిలో అంతే. పొద్దున మిమ్మల్ని పలకరించి నవ్విన మనిషి సాయంత్రం కొత్తవాళ్లని చూసినట్టు చూస్తే మనసులో పెట్టుకోకండి.

మీ తలుపు దగ్గరో మెట్ల మీదో ఆయన ఒంటరిగా నిలబడి కనిపిస్తే, వెనకనుంచి పిలవకుండా ఎదురుగా వచ్చి "మాస్టారూ" అనండి. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి పలకరు గానీ "మాస్టారూ" అంటే వెంటనే తలెత్తి చూస్తారు. "ఎవరు కావాలండీ, ఎక్కడికి వెళ్లాలండీ" అని వరసగా అడిగితే కంగారుపడతారు. "రండి మాస్టారూ, మీ ఇల్లు పైన ఉంది, కలిసి వెళ్దాం" అన్న ఒక్క మాట చాలు. తాళంచెవి మాత్రం చేతిలోంచి తీసుకోకండి, అది చేతిలో ఉంటే ఆయనకి ధైర్యం. ఇది మన ఇల్లే అని ఆయన గట్టిగా అంటే కాదని వాదించొద్దు, కాసేపు కూర్చోబెట్టి నాకు ఫోన్ చేయండి. ఈ గ్రూపులో కనిపిస్తున్నదే నా నంబర్, రాత్రి ఏ వేళైనా ఎత్తుతాను. ఆయన చొక్కా జేబులో ఒక కార్డు ఉంటుంది, దాని మీద మా ఫ్లాట్ నంబరు, ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి పెట్టాం.

గేటు దాటి వెళ్తున్నట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. చేయి పట్టి లాగితే ఇంకా వేగంగా వెళ్తారు, అందుకని పక్కనే నాలుగడుగులు నడుస్తూ మాటల్లో పెట్టి మెల్లగా వెనక్కి తిప్పండి, ఈలోపు నాకు ఫోన్ కొట్టండి. వాచ్‌మన్ బాబాయికి కూడా చెప్పి, మామగారి ఫోటో చూపించాను.

"నేనెవరో గుర్తుపట్టారా" అని మాత్రం ఎవరూ అడగకండి, ఇది నా మనవి. మీరు ప్రేమగానే అడుగుతారు, నాకు తెలుసు. కానీ ఆ ప్రశ్న వినగానే ఆయన ముఖంలో వెతుకులాట మొదలవుతుంది, దొరక్కపోతే తప్పు చేసిన పిల్లాడిలా తల దించేసుకుంటారు. దాని బదులు "నేను 204 అబ్బాయినండీ" అని ప్రతిసారీ మీరే చెప్పేయండి, హాయిగా మాట్లాడతారు. లెక్కల గురించి అడిగితే ఇక చెప్పక్కర్లేదు. మా పాప భిన్నాలు ఇప్పటికీ ఆయన దగ్గరే నేర్చుకుంటోంది.

కమిటీ వాళ్లని రెండు అడగాలి. ఒకటి, లిఫ్ట్ తలుపు తెరవగానే ఎదురుగా గోడ మీద ఆ అంతస్తు నంబరు పెద్దగా కనిపించేలా అతికించుకోవచ్చా? కనీసం మూడు, నాలుగు అంతస్తుల్లో. ఖర్చు మేమే పెట్టుకుంటాం, రంగు పాడవకుండా ఊడి వచ్చేదే తెస్తాను. అన్ని అంతస్తుల్లో ఉంటే ఇంటికొచ్చే చుట్టాలకీ సామాన్లు తెచ్చేవాళ్లకీ కూడా పనికొస్తుంది. రెండోది, నాలుగో అంతస్తులో లిఫ్ట్ ముందున్న నల్ల పట్టా. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఈ జబ్బులో ముదురు రంగు పట్టా కొందరికి గొయ్యిలా కనిపిస్తుంది. ఆదివారం మామగారు లిఫ్ట్‌లోంచి బయటికి రాకుండా అంచు దగ్గరే ఆగిపోయారు, తర్వాత గోడ పట్టుకుని, కాలువ దాటేటట్టు పెద్ద అంగ వేసి దాటారు. ఆ వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుందని నా భయం. నేల రంగుకి దగ్గరగా ఉన్న పట్టా నేనే తెచ్చి వేస్తాను, నల్లది తీసి మీరు చెప్పిన చోట పెడతాను. 401, 403 వాళ్లకి అభ్యంతరం లేకపోతే రేపే మార్చేస్తా.

అన్నట్టు, మా తలుపు గొళ్లేనికి పసుపు గుడ్డ కట్టి ఉంటుంది, ఆయన గుర్తుపట్టడానికే కట్టాం. ఊడ్చేవాళ్లు పాతగుడ్డ అనుకుని తీసేయకుండా కాస్త చెప్పండి.

మిగతా ముగ్గురి గురించి. మావారు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్, ఎక్కువగా నైట్ డ్యూటీలే. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నిద్రపోతారు. ఆ వేళల్లో ఏదైనా పనుంటే కాలింగ్ బెల్ కొట్టకుండా నాకు మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి తలుపు తీస్తాను. నేను ఇంట్లోంచే పని చేస్తాను, అకౌంట్స్ చూస్తాను. మెయింటెనెన్స్ లెక్కల్లో చెయ్యి సాయం కావాలంటే చెప్పండి, నెలకో పూట కూర్చోగలను. పాప వయొలిన్ నేర్చుకుంటోంది, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడుంపావు వరకు సాధన. కిటికీలు మూసే వాయిస్తుంది. అయినా పరీక్షలకి చదువుకునే పిల్లలున్నా, ఒంట్లో బాగాలేని వాళ్లున్నా మొహమాటపడకుండా చెప్పండి, వేళ మార్చుకుంటాం.

గోడలకి ఇంకా నాలుగైదు రంధ్రాలు వేయించాలి. ఈ ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట లోపు ముగించేస్తాం. 302, 502, రెండు పక్కల వాళ్లు, ఆ సమయంలో పసిపిల్లలు పడుకుంటారంటే వేరే రోజుకి పెట్టుకుంటాను. 302 అక్కా, వాషింగ్ మెషిన్ కింద రబ్బరు దిమ్మలు పెట్టించాను, అయినా మీ పైకప్పు అదురుతున్నట్టు అనిపిస్తే చెప్పండి. మా బాత్రూమ్ కింద మీకు చెమ్మ ఏ కొంచెం కనిపించినా ఫోటో తీసి పంపండి, ముదరకముందే చూపించుకుందాం.

నాకు తెలియనివి కూడా కొన్ని ఉన్నాయి. చెత్త ఎన్నింటికి బయట పెట్టాలి, తడీ పొడీ వేరుగానేనా? మోటారు వేసే వేళలేమిటి? రాత్రిపూట లిఫ్ట్ ఆగిపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి? ఇది మాత్రం తప్పకుండా చెప్పండి, మామగారు లోపల ఉన్నప్పుడు ఆగితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. బండి 17లో పెట్టుకోమన్నారు, అది ఎవరికైనా అలవాటైన చోటైతే చెప్పండి, మాట్లాడుకుందాం.

రేపటి నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి, చీకటి పడకముందే, నేనే మామగారిని కిందికి తీసుకొస్తాను. ఒక అరగంట గేటు నుంచి వెనక గోడ దాకా నడుస్తాం. ఎదురుపడితే ఆగి పలకరించండి, పేరూ ఫ్లాట్ నంబరూ చెప్పండి. ఇంతమందిని ఒకేసారి గుర్తుపెట్టుకోవడం నాకూ కష్టమే, కాబట్టి ఆయనతో పాటు నాకూ చెప్పినట్టుంటుంది.

ఉంటానండీ.
మాధవి, 402