పాంప్లెట్ మార్చాను బావా, ప్రెస్సుకి ఇచ్చే ముందు ఒకసారి చదువు

బావా, నీ జిమ్ దసరా ఆఫర్ చూశాను. పైన అరచెయ్యంత అక్షరాల్లో "నెలకు 699 మాత్రమే!" అని తెలుగులో, అట్టడుగున చీమ తలకాయంత ఇంగ్లీషులో షరతులు వర్తిస్తాయని, అంతే. జాయినింగ్ ఫీజు 1,500 ఎక్కడుందీ అని వెతికితే అడ్మిషన్ ఫారం వెనక తొమ్మిదో పాయింటులో కనపడింది. మొన్న ఆదివారం నేను కౌంటర్ దగ్గర కూర్చున్నప్పుడే పాతపట్నం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, గుర్తుందా? జేబులోంచి ఏడొందలు తీసి లెక్కపెట్టి పెట్టాడు. మీ కౌంటర్ పిల్ల 2,199 అనేసరికి నోట్లు మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని, ఒక్క మాట అనకుండా మెట్లు దిగిపోయాడు. పర్లాకిమిడి ఎంత ఊరని, సాయంత్రానికి పది మందికి చెప్పేసే ఉంటాడు.

ఇంకోటి, 2022లో కేంద్రం ఇచ్చిన ప్రకటనల మార్గదర్శకాల్లో షరతు ఉంటే అది ప్రకటన ఉన్న భాషలోనే, అదే ఫాంటులో ఉండాలని రాశారు. ఎవడైనా 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లే నీకు చదివి వినిపిస్తారు. రేట్ల జోలికి నేను పోలేదు, అవి నీ ఇష్టం. దాచినవి పైకి తెచ్చాను, మధ్యలో మానేసే రూల్ మాత్రం మొన్న ఫోన్‌లో నువ్వు ఒప్పుకున్నట్టే రాశాను. ఇదిగో.

దసరా ఆఫర్: నెలకు రూ. 699, జాయినింగ్ ఫీజు రూ. 1,500, కనీసం 6 నెలలు

చేరిన రోజు కట్టాల్సింది రూ. 2,199. అందులో 1,500 జాయినింగ్ ఫీజు (ఒక్కసారే), 699 మొదటి నెలది. తర్వాత ప్రతి నెల 5వ తేదీలోపు 699. ఆరు నెలలకి మొత్తం రూ. 5,694, అంటే నెలకి సగటున 949 పడుతుంది. ఏడో నెల నుంచి జాయినింగ్ ఫీజు భారం ఉండదు కాబట్టి నిజంగానే 699. జీఎస్టీ ఈ ధరల్లోనే ఉంది, కౌంటర్ దగ్గర ఇంకేమీ అడగం.

ఆరు నెలలు ఉంటానో లేదో తెలియదు అనుకునేవాళ్లకి నెల ప్లాన్ ఉంది: రూ. 999, జాయినింగ్ ఫీజు లేదు, లాకిన్ లేదు, ఎప్పుడు మానేసినా అడగం. రెండు మూడు నెలలకే అయితే ఇదే చవక.

లాకిన్ అంటే మొదటి ఆరు నెలలు ఆఫర్‌లో కొనసాగాలి. మధ్యలో మానేస్తే ఒక్క నెల ఫీజు 699 కట్టి వెళ్లిపోవచ్చు, మిగతా నెలలవి అడగం. బదిలీ అయి ఊరు మారినా, డాక్టర్ వద్దన్నా, గర్భవతి అయినా ఆ 699 కూడా లేదు, కాగితం ఒకటి చూపిస్తే చాలు. పరీక్షలకో పెళ్లికో ఊరెళితే ఏడాదిలో ఒకసారి 30 రోజులు ఆపుకోవచ్చు, ఆ నెల ఫీజు ఉండదు, లాకిన్ ఒక నెల పెరుగుతుంది.

నచ్చకపోతే మొదటి 7 రోజుల్లో చెప్పండి. 1,500 పూర్తిగా, మీరు కట్టిన పద్ధతిలోనే, వారం లోపు వెనక్కి ఇస్తాం. 699 మాత్రం మాదే. 7 రోజులు దాటాక జాయినింగ్ ఫీజు తిరిగి రాదు.

ఆరు నెలలయ్యాక మానేయాలంటే 15 రోజుల ముందు వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టండి, లేదా కౌంటర్‌లో చెప్పి రసీదు తీసుకోండి. కారణం అడగం. ఆటోపే పెట్టినవాళ్లు మీ యూపీఐ యాప్‌లో దాన్ని ఆపేసుకోవాలి, ఆపడం రాకపోతే మేమే దగ్గరుండి చేయిస్తాం. మేమే జిమ్ ఏడు రోజులకి మించి మూసేస్తే మూసిన రోజులన్నీ మీ నెలకి కలుస్తాయి.

ఆఫర్ ఇంత వరకే బావా. ఆటోపే లైను చూసి ముఖం చిట్లించకు, గుర్తులేక డబ్బు కట్ అయిపోయినవాడు నీ దగ్గరికే వచ్చి గొడవ పడతాడు. "మాత్రమే" అన్న మాట తీసేశాను, 1,500 పక్కనుండగా అది నవ్వులపాలే. "ఫీజు వాపసు ఇవ్వబడదు" అన్నది కూడా పోయింది, ఇప్పుడు ఎప్పుడిస్తామో ఎప్పుడివ్వమో రాసి ఉంది కదా.

ప్రెస్సు వాడికి ఒకటి గట్టిగా చెప్పు: 699, 1,500, 6 నెలలు మూడూ ఒకే సైజు, వాడు అందంగా ఉంటుందని రెండోది చిన్నది చేస్తాడు. వెనక పేజీ ఒడియాలో కూడా ఇదంతా రావాలి, సగం మంది అటే తిప్పి చదువుతారు. కౌంటర్ పిల్లకి ఒక కాపీ ఇచ్చి, ఎవరు ఫీజు అడిగినా ముందు 2,199 చెప్పమను.