ప్రొబేషన్ దశలో సేవల ముగింపు లేఖ

నంబరు: హెచ్ఆర్/27/2025
గుంటూరు, 18 ఆగస్టు 2025

శ్రీ పి. నాగరాజు గారికి,
స్టాకు రికార్డుల అసిస్టెంట్,
నివాసం: బ్రాడీపేట, గుంటూరు

(చేతికి ఇచ్చిన ప్రతి, మరో ప్రతి ఇదే రోజు స్పీడ్ పోస్టులో ఇంటి చిరునామాకు పంపడమైనది)

విషయం: ప్రొబేషన్ నిబంధన ప్రకారం సేవల ముగింపు

నాగరాజు గారూ,

మీరు 3 మార్చి 2025న మన కోల్డ్ స్టోరేజీలో స్టాకు రికార్డుల అసిస్టెంట్‌గా చేరారు. నియామక ఉత్తర్వు 4వ నిబంధన ప్రకారం మీ ప్రొబేషన్ ఆరు నెలలు, అంటే 2 సెప్టెంబర్ 2025 వరకు. ఉద్యోగం ఖరారు చేస్తే విడిగా రాతపూర్వకంగా తెలియజేస్తామని, అలాంటి ఉత్తర్వు ఇవ్వకుండా ఖరారైనట్టు కాదని అదే నిబంధనలో ఉంది. మీకు ఆ ఉత్తర్వు ఇవ్వలేదు.

అదే ఉత్తర్వు 6వ నిబంధన ప్రకారం ప్రొబేషన్ కాలంలో ఇరుపక్షాల్లో ఎవరైనా 15 రోజుల నోటీసుతో, లేదా ఆ రోజులకు జీతం చెల్లించి, ఉద్యోగ సంబంధాన్ని ముగించవచ్చు. ఆ నిబంధన కింద మీ సేవలను 18 ఆగస్టు 2025 సోమవారం పని ముగిసే సమయంతో ముగిస్తున్నాం. ఉద్యోగాన్ని ఖరారు చేయకూడదని సంస్థ తీసుకున్న నిర్ణయమే ఇందుకు కారణం.

ఇది క్రమశిక్షణ చర్య కాదు. మీ నిజాయితీ గురించి గానీ, ప్రవర్తన గురించి గానీ సంస్థ దగ్గర ఎలాంటి ఆరోపణ లేదు. విచారించాల్సిన ఆరోపణే లేదు కాబట్టి విచారణ జరపలేదు. మీ సర్వీసు ఫైలులో హెచ్చరిక లేఖ ఒక్కటి కూడా లేదు, ఈ లేఖను అలాంటి హెచ్చరికగా ఎక్కడా చూపించం. మీ పోస్టును ఎత్తేయడమూ లేదు.

ఎందుకు ఖరారు చేయలేదో మీకు తెలియాలి. చేరిన రోజే మీరు సంతకం చేసిన పని వివరాల పత్రంలో మూడు కొలతలు ఉన్నాయి: లాట్ రిజిస్టరులో 100 ఎంట్రీలకు ఒకటి మించి తప్పు ఉండకూడదు, గేటు పాసు 20 నిమిషాల్లో ఇవ్వాలి, సాయంత్రం స్టాకు ట్యాలీ చేసి ఆ రోజే మూసేయాలి. గేటు పాసుల్లో జూన్ తర్వాత మీ పని బాగుంది. ట్యాలీ కూడా మే చివరి వారం నుంచి ఏ రోజుకు ఆ రోజే ముగించారు. నిలవనిది మొదటి కొలత.

2 మేన జరిగిన మొదటి సమీక్షలో తప్పులు ఎక్కువే కనిపించాయి. అయితే మార్చిలో మీకు పని నేర్పాల్సిన సీనియర్ సెలవులో ఉన్నారని మీరు చెప్పారు. అది నిజమే. పైగా మార్చి, ఏప్రిల్ అంటే మిర్చి లారీలు రాత్రిళ్లు కూడా వరుస కట్టే కాలం. ఆ రద్దీలో కొత్తవారికి పని పట్టుబడటం కష్టమని మాకూ తెలుసు. అందువల్ల ఈ నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ సమీక్షను లెక్కలోకి తీసుకోలేదు. 5 మే నుంచి 17 మే వరకు అదే సీనియర్ పక్కన కూర్చుని మీకు మళ్లీ శిక్షణ ఇచ్చారు. ముగిసినట్టు మీరూ సంతకం చేశారు.

4 జులైన జరిగిన రెండో సమీక్షకు 19 మే నుంచి 30 జూన్ వరకు మీరు రాసిన 400 ఎంట్రీలు తీసుకున్నాం. అందులో 17 తప్పులు వచ్చాయి. ఆ రోజు మీరే సూచించినట్టు టిక్కీల సంఖ్యకు, ఛాంబర్ నంబరుకు రిజిస్టరులో వేర్వేరు గళ్లు పెట్టించాం. 8 ఆగస్టున జరిగిన మూడో సమీక్షకు 1 జులై నుంచి 7 ఆగస్టు వరకు మరో 400 ఎంట్రీలు చూస్తే 16 తప్పులు కనిపించాయి. పని పత్రం లెక్కన 400కు నాలుగు మించకూడదు. రెండు సమీక్షల పత్రాల మీదా మీ సంతకం ఉంది, మీరు రాసిన వివరణలు కూడా అందులోనే ఉన్నాయి.

ఒక్క ఉదాహరణ మాత్రం ఇక్కడ రాస్తున్నాను, ఈ కొలతకు అంత పట్టుపట్టడం ఎందుకో అర్థం కావడానికి. 19 జూన్ ఉదయం ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు 60 టిక్కీల తేజ మిర్చి తీసుకెళ్లడానికి బాండుతో వచ్చారు. రిజిస్టరులో ఆ లాటు మూడో ఛాంబరులో ఉన్నట్టు ఉంది. హమాలీలు మూడో ఛాంబరంతా వెతికి, చివరికి ఐదో ఛాంబరులో కనిపెట్టేసరికి మధ్యాహ్నం మూడున్నర. సరుకు ఒక్క టిక్కీ కూడా తగ్గలేదు, అందులో మీ దురుద్దేశమూ లేదు. ఐదు రాయాల్సిన చోట మూడు పడింది, అంతే. కానీ ఆ రైతుకు ఆ రోజు యార్డులో అమ్మకం పోయింది, ఆటోకు, కూలీలకు రెండో రోజు కూడా డబ్బు కట్టాల్సి వచ్చింది. ఇంత సరుకు నిల్వ చేసే చోట రైతు నమ్మేది మన రిజిస్టరునే.

ప్రొబేషన్‌ను మరో మూడు నెలలు పొడిగించే వీలు 4వ నిబంధనలో ఉంది. ఆ సంగతీ ఆలోచించాం. మళ్లీ శిక్షణ ఇచ్చి, గళ్లు మార్చాక కూడా 17 నుంచి 16కే తగ్గింది కాబట్టి పొడిగించినా ఫలితం వేరుగా ఉంటుందని అనిపించలేదు. తూకం వంతెన దగ్గరి పనికి మార్చగలమా అని కూడా చూశాం. అక్కడ ఇప్పుడు ఖాళీ లేదు.

రెండు విషయాలకు ఈ నిర్ణయంతో సంబంధం లేదని రాతలో ఉంచుతున్నాను. మొదటిది, మీ నాన్నగారి ఆపరేషన్ కోసం 21 జులై నుంచి 29 జులై వరకు మీరు పెట్టిన సెలవు. అది మంజూరైన సెలవే. ఆ తొమ్మిది రోజుల్లో వేరేవారు రాసిన ఎంట్రీ ఒక్కటి కూడా మీ 400లో కలపలేదు. రెండోది, ఏప్రిల్ ఓవర్‌టైమ్ రాలేదని 14 జులైన మీరు ఇచ్చిన కాగితం. గేటు రిజిస్టరుతో సరిచూస్తే మీరు రాసిన 24 గంటలూ సరైనవే. అది మే నెల జీతంలోనే రావాల్సింది, ఆలస్యం మాదే, విచారిస్తున్నాం. ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 59వ సెక్షన్ ప్రకారం రెట్టింపు రేటున ఇప్పుడు చెల్లిస్తున్నాం.

ఇక లెక్క. మీ నెల జీతం 18,600 రూపాయలు. ఆగస్టు 1 నుంచి 18 వరకు, ఈ రోజుతో కలిపి, 10,800. నోటీసు బదులు జీతం: నిబంధన ప్రకారం 15 రోజులకే ఇవ్వాల్సి ఉన్నా, వేరే పని వెతుక్కోవడానికి వీలుగా పూర్తి నెలకు, 18,600. ఓవర్‌టైమ్ 24 గంటలకు, నెలకు 26 పని దినాల లెక్కన, 4,292. మొత్తం 33,692. ఇందులోంచి పీఎఫ్ మీ వాటా 864, ఈఎస్ఐ 114, వృత్తి పన్ను 200 పోగా మీకు అందాల్సింది 32,514 రూపాయలు. మీ జీతం ఖాతాలోకే ఈ రోజు మధ్యాహ్నం జమ చేశాం. వేరే కోత ఏదీ వేయలేదు. పైన చెప్పిన రైతు ఖర్చు సంస్థే భరించింది. లెక్కల్లో తేడా కనిపిస్తే ఎప్పుడైనా రాయండి, సరిచూసి చెబుతాం.

పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని 25ఎఫ్ సెక్షన్ కింద పరిహారానికి ఏడాదిలో 240 రోజుల పని కావాలి. మీ సర్వీసు నేటికి, సెలవు దినాలన్నీ కలిపినా, 169 రోజులు. అందుకే ఆ పద్దు పై లెక్కలో లేదు.

పీఎఫ్‌లో మీరు మానిన తేదీని 18 ఆగస్టుగా నమోదు చేస్తాం. కారణం గడిలో పని మానినట్టు మాత్రమే ఉంటుంది. మీ యూఏఎన్, ఈఎస్ఐ నంబర్లు కొత్త చోట కూడా అవే పనిచేస్తాయి, కార్డులు జాగ్రత్తగా ఉంచుకోండి. అనుభవ పత్రం ఈ లేఖతోనే ఇస్తున్నాం. అందులో చేరిన తేదీ, మానిన తేదీ, హోదా తప్ప ఇంకేమీ లేదు. కొత్త యజమాని ఎవరైనా ఫోన్ చేసినా మా జవాబు ఆ మూడు వివరాలే. ఆ ఫోన్లు నేనే మాట్లాడతాను.

మీ దగ్గరున్న గుర్తింపు కార్డు, రికార్డు గది తాళం చెవి, స్కానరు, ఛాంబరులోకి వెళ్లేటప్పుడు వేసుకునే చలి కోటు స్టోర్సులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ రోజే కుదరకపోతే శుక్రవారం లోపు ఇస్తే చాలు. దానికి, జమ చేసిన డబ్బుకు ముడిపెట్టలేదు. స్టాకు సాఫ్ట్‌వేర్ లాగిన్ సాయంత్రం 6 గంటలకు ఆపేస్తాం. లాకరులోని మీ సొంత వస్తువులు మీరే తీసుకోండి. తనిఖీ ఏమీ ఉండదు.

రాజీనామా రాయమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు, అడగరు కూడా. ఎవరైనా అలాంటి కాగితం ముందు పెడితే సంతకం చేయకుండా నాకు చెప్పండి. ఈ నిర్ణయం సరికాదని మీకు అనిపిస్తే 15 రోజుల్లో మేనేజింగ్ పార్ట్‌నర్‌కు రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. మూడు సమీక్షల్లోనూ లేనివారు దాన్ని చూసి, అందిన పది రోజుల్లో జవాబు ఇస్తారు. అది కాక, చట్టప్రకారం మీకు ఉన్న హక్కులకు ఈ లేఖ గానీ, కింది రసీదు గానీ అడ్డు కాదు.

దీనితో జతచేసినవి: నియామక ఉత్తర్వు, పని వివరాల పత్రం, మూడు సమీక్షల నకళ్లు, శిక్షణ పత్రం, చెల్లింపు లెక్క, అనుభవ పత్రం.

సీజన్‌లో రాత్రి రెండింటికి కూడా లారీ వచ్చిందంటే మీరు విసుక్కోకుండా లేచి వచ్చారు. అందుకు కృతజ్ఞతలు.

ఇట్లు,

ఎం. సుధారాణి
పరిపాలన మేనేజర్
(సంస్థ తరఫున సంతకం చేసే అధికారం గలవారు)

రసీదు

పై లేఖ, జతచేసిన కాగితాలు 18 ఆగస్టు 2025 సాయంత్రం 4.20కి అందాయి. ఈ సంతకం లేఖ అందినందుకే. అందులోని విషయాలకు ఒప్పుకున్నట్టు గానీ, సంస్థ నుంచి ఇంకేమీ రావాల్సింది లేదని గానీ దీని అర్థం కాదు. లేఖను ఎం. సుధారాణి నాకు తెలుగులో చదివి వినిపించారు, నేను అడిగిన రెండు సందేహాలకు, పీఎఫ్ గురించి, అనుభవ పత్రం గురించి, జవాబు చెప్పారు.

పి. నాగరాజు

సాక్షి: అకౌంట్స్ విభాగం సీనియర్ గుమాస్తా