విషయం: ఇన్సూరెన్స్ డెస్క్ కో-ఆర్డినేటర్ ఉద్యోగానికి నా దరఖాస్తు, వడ్ల కొనుగోలు కేంద్రంలో నా అనుభవం

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం. మిర్యాలగూడ ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ ఉద్యోగానికి మీరిచ్చిన ప్రకటన చూసి పోయిన సోమవారం ఫోన్ చేసింది నేనే. "వడ్ల కేంద్రానికీ ఆసుపత్రికీ ఏం సంబంధమమ్మా?" అని మీరు అడిగినప్పుడు నాకు వెంటనే జవాబు తోచలేదు. అది న్యాయమైన ప్రశ్న కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలో 2015లో బీకాం పూర్తి చేశాను. 2017 నుంచి త్రిపురారం మండలంలోని మా ఊరిలో మహిళా సంఘాల లెక్కలు చూసే వీవోఏగా పనిచేస్తూ, వానాకాలం, యాసంగి సీజన్లలో ఐకేపీ కొనుగోలు కేంద్రం బాధ్యత కూడా చూస్తున్నాను. మాది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. నీళ్లు సరిగా వచ్చిన సీజన్‌లో నాలుగు వందల మందికి పైగా రైతులు మా కేంద్రానికే వడ్లు తెస్తారు.

అక్కడ కాంటా పెట్టేది హమాలీలు, లారీ ఎక్కించేది హమాలీలు. నా పని కాగితాలది, మాటలది. పట్టాదారు పాసుపుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు లేకుండా మరో పేరు ఉన్న రైతు వివరాలను ట్యాబ్‌లో ఎక్కించేముందే ఆ తేడాను పట్టుకుని, ఏ కాగితం ఎక్కడ సరిచేయించుకోవాలో చెప్పి పంపడం నా రోజువారీ పని. క్యాష్‌లెస్ కేసులో కార్డు మీది పేరు, ఆధార్‌లోని పేరు కలవకపోతే కంపెనీ నుంచి ప్రశ్న వచ్చి అనుమతి ఆగుతుందని మా మామయ్య గారి ఆపరేషన్ సమయంలో స్వయంగా చూశాను. ఆ తేడా చేర్చుకునే గంటలోనే కనబడితే కుటుంబానికి ఒక రోజు కలిసివస్తుంది.

రెండోది, కాదని చెప్పడం. తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోకూడదు. మూడు రోజులుగా కుప్ప దగ్గరే పడుకున్న రైతుకు యంత్రం 19 చూపిస్తే, పైన మబ్బు పట్టి ఉండగా, "ఇంకా ఆరబెట్టాలి" అని నేనే చెప్పాలి. అరిచేవాళ్లుంటారు, ఏడ్చేవాళ్లూ ఉంటారు. నేను నేర్చుకున్నది ఒక్కటే: యంత్రాన్ని అతని ముందే మళ్లీ పెట్టి, అంకె అతని చేతే చదివించి, ఎప్పుడు మళ్లీ చూస్తానో సమయం చెప్పి, ఆ సమయానికి తప్పకుండా కుప్ప దగ్గరకు వెళ్లడం. మిల్లు దగ్గర లారీ ఆగి, బస్తాకు ఇంత తరుగు తీస్తామని కబురు వచ్చినప్పుడు కూడా దాన్ని దాచిపెట్టకుండా రైతుకు అదే రోజు చెప్పి, అతని తరఫున మాట్లాడేదాన్ని. డిశ్చార్జి రోజున తుది అనుమతి రాక సాయంత్రం దాకా కూర్చున్న బంధువులకూ, గ్లౌజుల వంటి వాటికి ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వదని బిల్లులో కోత చూసి మండిపడే వారికీ సమాధానం చెప్పవలసింది ఈ డెస్కులో కూర్చున్న మనిషే కదా.

నా తప్పు ఒకటి కూడా చెప్పాలి. మొదటి ఏడాది ఒక రైతు ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొట్టాను. అతనికి డబ్బు పదకొండు రోజులు ఆలస్యమైంది. పాసుపుస్తకం నేను చూసి కొట్టడం అప్పటితో మానేశాను. రైతు ఒక్కో అంకె చదువుతాడు, నేను కొడతాను, తర్వాత నేను చదువుతాను, అతను సరిచూసి సంతకం పెడతాడు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది గానీ, ఆ తర్వాత మా కేంద్రంలో అటువంటి పొరపాటు మళ్లీ జరగలేదు.

నాకు రానివీ ఉన్నాయి. జబ్బుల పేర్లు, ఆపరేషన్ల పేర్లు ఇంగ్లిషులో తడుముకోకుండా చదవలేను. డాక్టర్లు రాసిన కేసు షీటు అర్థం చేసుకోవడానికి మొదటి రెండు నెలలు పక్కన ఒకరు ఉండాలి. ఇంగ్లిషు టైపింగ్ వచ్చు, వేగం తక్కువ. ఎక్సెల్‌లో సంఘాల అప్పుల లెక్కలు ఆరేళ్లుగా నేనే రాస్తున్నాను కాబట్టి కంప్యూటరు కొత్త కాదు. రాత్రి డ్యూటీ నెలలో వారం వరకు చేయగలను, అంతకు మించి ఇంట్లో కుదరదు.

వీవోఏకు వచ్చేది గౌరవ వేతనమే, కొనుగోలు పని సీజన్ పొడవే. ఏడాదంతా ఉండే ఉద్యోగం కోసమే మారుతున్నాను. నెలకు పద్దెనిమిది వేలు ఆశిస్తున్నాను. యాసంగి లెక్కలు అప్పజెప్పాక జూన్ 8 నుంచి చేరగలను.

రెజ్యూమె, డిగ్రీ సర్టిఫికెట్, మా గ్రామ సంఘం అధ్యక్షురాలి లేఖ, పేర్లు తీసేసిన ఒక రోజు కొనుగోలు రిజిస్టరు పేజీ ఈ సందేశంతో జతచేశాను. రిజిస్టరు పేజీని ముందు చూడమని మనవి. ఆసుపత్రి వారు ఒప్పుకుంటే జీతం లేకుండా రెండు రోజులు ఆ డెస్కులో కూర్చుని చూపిస్తాను. సాయంత్రం ఆరు దాటాక ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడగలను. పగలు కాంటా నడుస్తుంటే ఫోన్ ఎత్తడం కష్టం, అన్యథా భావించవద్దు.

ఇట్లు,
భవదీయురాలు,
పద్మ
త్రిపురారం మండలం, నల్లగొండ జిల్లా