ఒక్క ముక్క తేడా: పాలిటీ ప్రాక్టీస్ పేపర్, జవాబుల వివరణతో

అమలాపురం ఆదివారం బ్యాచ్ కోసం. గ్రూప్-2, పంచాయతీ కార్యదర్శి పరీక్షలకు చదివేవాళ్లు ముందు పెన్సిల్‌తో జవాబు పెట్టుకుని, తర్వాతే కింద వివరణ చూడండి. చదవని పాఠం నుంచి వచ్చిన ప్రశ్నలో మార్కు పోతే బాధ లేదు. ఆర్టికల్ నంబరు కంఠతా వచ్చి కూడా, నియమించేది ఎవరు, తొలగించేది ఎవరు అన్న దగ్గర పోతేనే బాధ. ఈ పేపర్ అంతా అలాంటి చోట్ల నుంచే తీసింది.

ప్రశ్న 1. రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గురించి సరైనవి ఏవి?
ఎ. గవర్నర్ నియమిస్తారు.
బి. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలోనే తొలగించాలి.
సి. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు ఈయన పరిధిలోకి వస్తాయి.
డి. ఉభయ గోదావరి జిల్లాల పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక ఈయన పరిధిలోకి వస్తుంది.
1) ఎ, బి, సి  2) ఎ, సి  3) ఎ, సి, డి  4) అన్నీ

జవాబు: 2.
243-కె ప్రకారం తొలగింపు హైకోర్టు న్యాయమూర్తి పద్ధతిలో. సుప్రీంకోర్టు న్యాయమూర్తి పద్ధతి కేంద్ర ప్రధాన ఎన్నికల కమిషనర్‌ది, అది 324లో ఉంది. నియమించేది గవర్నరే అయినా తొలగించే అధికారం గవర్నర్ చేతిలో లేదు. నియామకం తర్వాత సర్వీసు షరతులను ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదని కూడా ఇదే ఆర్టికల్ చెబుతుంది. 2020లో మన రాష్ట్రంలో కమిషనర్ పదవీకాలం తగ్గిస్తూ తెచ్చిన ఆర్డినెన్స్‌ను హైకోర్టు అదే ఏడాది మే 29న కొట్టేసింది. ఆ వార్త గుర్తుంటే ఈ ఆర్టికల్ మర్చిపోరు.
డి సంగతి: శాసన మండలి రాష్ట్ర శాసనసభా వ్యవస్థలో ఒక సభ. కాబట్టి ఆ ఎన్నిక భారత ఎన్నికల సంఘానిది. స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసేది స్థానిక సభ్యులే అయినా, నడిపేది భారత ఎన్నికల సంఘమే.

ప్రశ్న 2. కోనసీమలో ఒక గ్రామ పంచాయతీ మొదటి సమావేశం 2022 జూన్ 10న జరిగిందనుకోండి. 2025 ఫిబ్రవరి 1న దాన్ని రద్దు చేశారు. కొత్తగా ఎన్నికైన పంచాయతీ ఎప్పటివరకు కొనసాగుతుంది?
1) తన మొదటి సమావేశం నుంచి ఐదేళ్లు
2) ఎన్నికల ఫలితాల తేదీ నుంచి ఐదేళ్లు
3) 2027 జూన్ 9 వరకు
4) ఆరు నెలలు

జవాబు: 3.
243-ఇ చూడండి. ఐదేళ్లు లెక్కపెట్టేది మొదటి సమావేశం తేదీ నుంచి, ఫలితాల నుంచి కాదు. రద్దయిన ఆరు నెలల్లోపు ఎన్నిక పూర్తి కావాలి. అలా వచ్చిన పంచాయతీకి పాతదానికి మిగిలిన కాలమే దక్కుతుంది. మిగిలింది ఆరు నెలల కంటే తక్కువైతే ఆ కాస్త కాలానికి ఎన్నిక పెట్టక్కర్లేదు. ఒకటో ఆప్షన్ పెట్టినవాళ్లు శాసనసభ నియమాన్ని ఇక్కడికి తెచ్చారు. మధ్యలో రద్దయ్యాక వచ్చే శాసనసభకు పూర్తి ఐదేళ్లూ ఉంటాయి, పంచాయతీకి ఉండవు.

ప్రశ్న 3. సరికాని వాక్యాలు గుర్తించండి.
ఎ. పుదుచ్చేరికి శాసనసభను 239-ఏ ఆర్టికల్ నేరుగా ఏర్పాటు చేసింది.
బి. ఢిల్లీకి శాసనసభ ఉంటుందని 239-ఏఏ ఆర్టికల్ నేరుగా చెబుతుంది.
సి. యానాం నుంచి ఎన్నికైన ఎమ్మెల్యేకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు ఉంది.
డి. పుదుచ్చేరి శాసనసభకు నామినేట్ అయిన సభ్యులకూ ఆ ఓటు ఉంది.
1) ఎ, డి  2) బి, సి  3) డి మాత్రమే  4) ఎ, సి

జవాబు: 1.
మన గోదావరి ఒడ్డునే ఉన్నా యానాం ఆంధ్రప్రదేశ్‌ది కాదు, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. కాకినాడ వెళ్లేటప్పుడు వంతెన దాటుతూ రోజూ చూసే ఊరే, దాని రాజ్యాంగ స్థానం మాత్రం మనలో చాలామందికి పట్టదు.
239-ఏని 1962లో 14వ సవరణ చేర్చింది. పార్లమెంటు చట్టం చేసి శాసనసభను ఏర్పాటు చేయవచ్చని మాత్రమే అది అంటుంది. ఆ చట్టం 1963లో వచ్చింది. ఢిల్లీ విషయంలో 1991 నాటి 69వ సవరణ ‘శాసనసభ ఉండాలి’ అని రాజ్యాంగంలోనే రాసేసింది. ‘చేయవచ్చు’, ‘ఉండాలి’: ప్రశ్న మొత్తం ఈ తేడా మీదే నిలబడింది.
రాష్ట్రపతి ఎన్నికలో ఈ రెండు చోట్ల ఎమ్మెల్యేలకు ఓటు ఇచ్చింది 70వ సవరణ, 1992. అదీ ఎన్నికైన సభ్యులకే.

ప్రశ్న 4. ఏపీపీఎస్సీ సభ్యుడి విషయంలో గవర్నర్ చేయలేనిది ఏది?
1) నియమించడం  2) రాజీనామా స్వీకరించడం  3) విచారణ సాగుతుండగా సస్పెండ్ చేయడం  4) తొలగించడం

జవాబు: 4.
తొలగింపు రాష్ట్రపతిదే (317). దుష్ప్రవర్తన ఆరోపణ అయితే సుప్రీంకోర్టు విచారించి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక వచ్చేలోపు సస్పెండ్ చేయగలిగేది మాత్రం గవర్నరే. తొలగింపు, సస్పెన్షన్ ఒకే ఆర్టికల్‌లో పక్కపక్కనే ఉన్నాయి, అందుకే పేపర్ సెట్ చేసేవాళ్లకు ఇది ఇష్టమైన చోటు. వయోపరిమితి ఇక్కడ 62, యూపీఎస్సీకి 65.

ప్రశ్న 5. జతపరచండి: 65, 89, 102, 105 సవరణలు.

జవాబు: 65 (1990) ఎస్సీ, ఎస్టీలకు కలిపి ఒకే జాతీయ కమిషన్. 89 (2003) దాన్ని రెండుగా విడదీసి 338-ఏ చేర్చింది. 102 (2018) బీసీ కమిషన్‌కు 338-బి కింద రాజ్యాంగ హోదా. 105 (2021) తమ బీసీ జాబితాను తామే తయారు చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని స్పష్టం చేసింది.

ప్రశ్న 6. 97వ సవరణ (2011) గురించి సరైన వాక్యం ఏది?
1) 2021లో సుప్రీంకోర్టు సవరణ మొత్తాన్ని కొట్టేసింది.
2) సహకార సంఘాలు ఏర్పాటు చేసుకునే హక్కు 19(1)(సి)లో ఇంకా ఉంది.
3) 43-బి ఒక ప్రాథమిక హక్కు.
4) IX-బి భాగం బహుళ రాష్ట్ర సహకార సంఘాలకు వర్తించదు.

జవాబు: 2.
మన దగ్గర రైతుకు పంట రుణం కావాలంటే ముందు తలుపు తట్టేది ఊరి సొసైటీనే. అందుకే దీన్ని కొంచెం లోతుగా చదవండి. ఈ సవరణ మూడు చోట్ల మార్పు చేసింది: 19(1)(సి)లో ‘సహకార సంఘాలు’ అన్న మాట, ఆదేశిక సూత్రాల్లో 43-బి, ఇవి కాక IX-బి భాగం. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం. దాన్ని తాకే IX-బికి కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోలేదు. 368(2) అడిగే ఆ ఆమోదం లేదు కాబట్టి రాష్ట్రంలో నడిచే సంఘాలకు వర్తించినంత వరకు IX-బి చెల్లదని కోర్టు చెప్పింది. బహుళ రాష్ట్ర సంఘాలకు అది నిలిచే ఉంది. 19(1)(సి), 43-బి జోలికి కోర్టు పోలేదు. ‘మొత్తాన్ని’ అన్న ఒక్క మాట ఒకటో ఆప్షన్‌ను తప్పు చేసింది.

ప్రశ్న 7. సరైనవి ఏవి?
ఎ. నదీ జలాల ట్రిబ్యునల్‌ను 262 ఆర్టికల్ నేరుగా ఏర్పాటు చేస్తుంది.
బి. అంతర్రాష్ట్ర మండలిని 263 కింద రాష్ట్రపతి ఏర్పాటు చేయవచ్చు.
సి. గోదావరి నదీ యాజమాన్య బోర్డు రాజ్యాంగబద్ధ సంస్థ.
1) ఎ, బి  2) బి మాత్రమే  3) బి, సి  4) అన్నీ

జవాబు: 2.
262 పార్లమెంటుకు చట్టం చేసే అధికారం ఇస్తుంది. ఆ వివాదాల్లో సుప్రీంకోర్టు సహా ఏ కోర్టుకూ అధికార పరిధి లేకుండా ఆ చట్టంలో రాయవచ్చని కూడా చెబుతుంది. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం అలా వచ్చిందే. గోదావరి ట్రిబ్యునల్ 1969లో ఆ చట్టం కిందే ఏర్పడింది, 1980లో తీర్పు ఇచ్చింది. అదే 1956లో నదీ బోర్డుల చట్టం అని ఇంకొకటీ వచ్చింది, రెండిటినీ కలపకండి. సి విషయంలో, గోదావరి బోర్డు 2014 పునర్విభజన చట్టం 85వ సెక్షన్ కింద పుట్టింది. అంటే చట్టబద్ధ సంస్థ. మన కాలువల్లోకి వచ్చే నీటి గురించి నిర్ణయించే బోర్డే అయినా రాజ్యాంగంలో దానికి ఆర్టికల్ లేదు.